శానిటైజర్ సీసాకు లొంగని క్రిమి: ఆసుపత్రుల ఇన్ఫెక్షన్ కంట్రోల్ కమిటీలకు ఒక బహిరంగ లేఖ

తెలుగు రాష్ట్రాల ఆసుపత్రుల్లో ఇన్ఫెక్షన్ కంట్రోల్ కమిటీల బాధ్యత చూస్తున్న డాక్టర్లకు, నర్సింగ్ సూపరింటెండెంట్లకు నమస్కారం.

నేను మైక్రోబయాలజిస్టుని. పాతికేళ్లకు పైగా ల్యాబ్‌లోనే ఉన్నాను కాబట్టి ముందు మా ల్యాబ్‌లో జరిగే పని ఒకటి చెబుతాను.

మలంలో కోట్లాది బాక్టీరియా ఉంటాయి. వాటి మధ్యనుంచి క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే ఒక్కదాన్ని ఏరాలంటే మేం చేసేది చాలా తేలికైన పని. శాంపిల్ కొంచెం తీసుకుని అంతే కొలతలో ఆల్కహాల్ పోసి, బాగా కలిపి, అరగంట నుంచి గంటసేపు పక్కన పెడతాం. ఆ గంటలో మామూలు బాక్టీరియా దాదాపు అంతా చచ్చిపోతుంది. మిగిలినదాన్ని ప్లేటు మీద రాసి, ఆక్సిజన్ లేని జాడీలో రెండు రోజులు ఉంచితే మాక్కావలసిన క్రిమి పెరుగుతుంది. మూత తీయగానే గుర్రాలశాల వాసన వస్తుంది. ఒకసారి పీలిస్తే మరిచిపోలేని వాసన అది. అంటే ఈ క్రిమిని పట్టుకోవడానికి మేం వాడే వల ఆల్కహాలే. అందరినీ చంపి దీన్ని మాత్రం వదిలేస్తుంది కాబట్టే వాడతాం.

ఇప్పుడు మీ వార్డులోకి వద్దాం. ఇదే క్రిమి సోకిన పేషెంటు మంచానికి ఒక శానిటైజర్ సీసా వేలాడుతూ ఉంటుంది. నర్సు పేషెంటు పక్కబట్టలు మార్చి, ఆ సీసా రెండుసార్లు నొక్కి, చేతులు రుద్దుకుని పక్క మంచానికి వెళ్తుంది. మీ ఆడిట్ కాగితంలో ఆమెకు టిక్కు పడుతుంది. నిబంధన ఆమె తప్పలేదు. కానీ నేను ల్యాబ్‌లో చేసే పనే ఆమె తన అరచేతిలో చేసింది. మిగతావన్నీ చంపి దీన్ని మాత్రం మిగుల్చుకుంది.

ఈ ఉత్తరం రాయడానికి కారణం మా పెద్దమ్మ. ఆవిడకి 69 ఏళ్లు. చలిజ్వరం, మూత్రంలో మంటతో ఒక ఆసుపత్రిలో చేర్చారు. ఏ ఆసుపత్రో ఇక్కడ అనవసరం, ఎందుకంటే ఇది ఏ ఆసుపత్రిలోనైనా జరిగేదే. ఏడు రోజులు రోజుకు రెండుసార్లు సెఫ్‌ట్రయాక్సోన్ ఇంజెక్షన్, కడుపులో మంట రాకుండా పాంటాప్రజోల్. జ్వరం తగ్గింది. ఇంటికి పంపేటప్పుడు ఇంకో ఐదు రోజులకు సెఫిక్సిమ్ మాత్రలు రాశారు. ఇంటికొచ్చిన నాలుగో రోజున విరేచనాలు మొదలయ్యాయి. రోజుకు పదిసార్లు, నీళ్లలాగా, కడుపులో మెలిపెట్టే నొప్పితో. ఊళ్లో డాక్టరుగారు అందరికీ ఇచ్చేదే ఇచ్చారు: ఆఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిపిన మాత్ర, మోషన్స్ ఆగడానికి లోపరమైడ్. అంటే యాంటీబయాటిక్ వల్ల మొదలైన జబ్బుకి ఇంకో యాంటీబయాటిక్ పడింది, పైగా పేగుల కదలిక కూడా ఆగింది.

రెండు రోజులకి మోషన్స్ తగ్గాయి. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నాకు ఫోన్‌లో చెప్పినప్పుడు నేనూ అదే అనుకున్నాను. మూడో రోజుకి పొట్ట ఉబ్బి డోలులా అయింది, మళ్లీ జ్వరం వచ్చింది, ఆవిడ మాట తడబడుతోంది. ఈ జబ్బులో విరేచనాలు ఉన్నట్టుండి ఆగి పొట్ట ఉబ్బితే అది నయమవుతున్నట్టు కాదు. పేగు పడకేసిందేమో అని వెంటనే చూడాలి.

మళ్లీ అదే ఆసుపత్రికి తీసుకెళ్లారు. తెల్లకణాలు 26,000. క్రియాటినిన్ 1.9. తెల్లకణాలు 15,000 మించినా, క్రియాటినిన్ 1.5 దాటినా ఈ జబ్బు తీవ్రంగా ఉందని లెక్క. మా పెద్దమ్మకు రెండూ దాటాయి. అయితే అప్పటికి ఎవరూ ఈ పేరే తలచలేదు. మలం కల్చర్‌కి పంపారు. 'రోగకారక క్రిములేవీ పెరగలేదు' అని రిపోర్టు వచ్చింది. అందులో అబద్ధం లేదు. మామూలు మల కల్చర్‌లో మేం వెతికేది సాల్మొనెల్లా, షిగెల్లా లాంటివాటిని, అదీ గాలి తగిలే ప్లేట్ల మీద. గాలి పడని క్రిమి ఆ ప్లేట్ల మీద ఎలా పెరుగుతుంది? కావాలని అడిగితే తప్ప మామూలుగా ల్యాబ్‌లో దీన్ని వెతకరు. నేను వెళ్లి, యాంటీబయాటిక్ వాడిన చరిత్ర చెప్పి, జీడీహెచ్, టాక్సిన్ పరీక్ష అడిగాను. రెండూ పాజిటివ్ వచ్చాయి. చిన్న స్కోపు వేసి చూస్తే పెద్దపేగు గోడ మీద పసుపు తెలుపు కలిసిన పొక్కుల్లాంటి మచ్చలు, అక్కడక్కడా ఒకదానితో ఒకటి కలిసిపోయి కనిపించాయి.

ఆ మచ్చల దాకా ఎలా వచ్చిందో కొంచెం చెబుతాను. మీలో కొందరికి తెలిసే ఉంటుంది. కానీ వార్డులో చేతులు ఎందుకు కడుక్కోవాలో ఇక్కడినుంచే అర్థమవుతుంది.

ఈ క్రిమి మామూలు రూపంలో చాలా బలహీనం. గాలి తగిలితే బతకదు. 1935లో దీన్ని పసిబిడ్డల మలంలో మొదటిసారి గుర్తించినవాళ్లు, పెంచడం మహా కష్టంగా ఉందని 'డిఫిసిల్' అని పేరుపెట్టారు. మరి అలాంటిది ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి ఎలా చేరుతుంది? స్పోర్‌గా మారి. మన పాఠ్యపుస్తకాల్లో సిద్ధబీజం అన్నది దీన్నే. పేగులో పరిస్థితి బాగోలేనప్పుడు తన జన్యుపదార్థాన్ని లోపలికి ముడుచుకుని, చుట్టూ పొర మీద పొర గట్టి గోడలు కట్టుకుని, లోపలి నీటిని చాలావరకు పోగొట్టుకుని, ఎండిన గింజలా అయిపోతుంది. ఆ గింజ తినదు, పెరగదు, విషం చిమ్మదు. మంచం కమ్మీ మీద, స్విచ్చు మీద, బీపీ పట్టీ మీద నెలల తరబడి ఊరికే పడి ఉంటుంది. నోటిద్వారా కడుపులోకి వెళ్తే జీర్ణరసంలోని ఆమ్లం కూడా దాన్ని ఏమీ చేయలేదు.

ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఈ గింజల్ని మింగినా మామూలుగా ఏమీ కాదు. దానికి కారణం పిత్తరసంలో ఉంది. కాలేయం తయారుచేసే పిత్తలవణాల్లో టారోకోలేట్ అనేది ఈ స్పోర్‌కి మేలుకొలుపు. అది తగిలితే గింజ మొలకెత్తుతుంది. కానీ పెద్దపేగులో మన సొంత బాక్టీరియా కొన్ని ఆ పిత్తలవణాల్ని మార్చి డీఆక్సీకోలేట్ లాంటివి చేస్తాయి. మొలకెత్తిన క్రిమికి ఇవి గిట్టవు, పెరగనివ్వవు. అంటే తలుపు తట్టేవాడు, కాపలావాడు ఇద్దరూ పిత్తరసం నుంచే వస్తారు. యాంటీబయాటిక్ ఆ మార్చే బాక్టీరియాని తుడిచిపెట్టేస్తుంది. మేలుకొలుపు మిగులుతుంది, కాపలా పోతుంది. దానికి తోడు పేగులో తిండికి పోటీపడేవాళ్లు కూడా ఉండరు. సెఫ్‌ట్రయాక్సోన్ విషయంలో ఇంకో సంగతి ఉంది. అది నరానికి ఎక్కించే మందే అయినా అందులో చాలా భాగం పిత్తం ద్వారా నేరుగా పేగులోకి దిగుతుంది. 'మాత్ర కాదుగా, ఇంజెక్షనేగా, పేగుకి ఏం కాదు' అనుకునేవాళ్లు ఇది గమనించాలి.

మొలకెత్తి పెరిగిన క్రిమి పేగు గోడలోకి దూరదు. బయటే ఉండి రెండు విషాలు వదులుతుంది. టాక్సిన్ ఎ, టాక్సిన్ బి అని వాటి పేర్లు. జబ్బుకి ముఖ్యంగా కారణం రెండోది. ఈ విషం కణం లోపలికి జారుకుని చేసే పని వింతగా ఉంటుంది. 'రో' అనే కుటుంబానికి చెందిన ప్రొటీన్లు కణం ఆకారాన్ని నిలబెట్టే దారాల్ని అదుపు చేస్తుంటాయి. టాక్సిన్ ఒక్కో రో ప్రొటీన్‌కి సరిగ్గా ఒక చోట ఒక గ్లూకోజ్ అణువుని అతికిస్తుంది. అంతే, ఆ ప్రొటీన్ పని ఆగిపోతుంది. గుడిసెకి నిట్టాడు లాగేసినట్టు కణం లోపలి కట్టడం కూలిపోతుంది. కణాలు గుండ్రంగా ముడుచుకుపోయి ఒకదాన్నొకటి వదిలేస్తాయి. ఆ సందుల్లోంచి నీరు కారుతుంది, అదే విరేచనం. చచ్చిన కణాల పిలుపుకి తెల్లకణాలు గుంపులుగా వస్తాయి. చచ్చిన కణాలు, తెల్లకణాలు, ఫైబ్రిన్, జిగురు అన్నీ కలిసి గోడ మీద పేరుకుంటే అదే స్కోపులో కనిపించిన పసుపు మచ్చ.

ఈ టాక్సిన్ల జన్యువులు లేని డిఫిసిల్ రకాలూ ఉన్నాయి. అవి పేగులో ఉన్నా జబ్బు చేయవు. జీడీహెచ్ పరీక్ష క్రిమి ఉందని మాత్రమే చెబుతుంది, విషం ఉందో లేదో చెప్పదు. అందుకే ఆ రెండు పరీక్షలూ కలిపి చూడాలి. ఇంకొకటి, మామూలుగా మలవిసర్జన అవుతున్నవాళ్ల శాంపిల్ మాకు పంపకండి. గిన్నెలో పోస్తే గిన్నె ఆకారంలోకి వచ్చేంత పల్చగా ఉండాలి, 24 గంటల్లో మూడుసార్లయినా అయి ఉండాలి. జబ్బు లేకుండా క్రిమిని మోసేవాళ్లు ఆసుపత్రుల్లో చాలామంది ఉంటారు. వాళ్లందరికీ పాజిటివ్ రాసి మందులిస్తే అది వేరే అనర్థం. నయమైందా లేదా చూడ్డానికి మళ్లీ పరీక్ష చేయించడం కూడా వృథా, ఎందుకంటే విరేచనాలు ఆగిపోయాక కూడా వారాలపాటు పాజిటివ్ రావచ్చు.

ఇక చేతుల సంగతి.

ఆల్కహాల్ క్రిమిని ఎలా చంపుతుంది? దాని పైపొరలోని కొవ్వుని కరిగిస్తుంది, ప్రొటీన్లని గడ్డకట్టించి పాడుచేస్తుంది. ఈ రెండో పనికి నీళ్లు కావాలి. నూటికి నూరు పాళ్ల ఆల్కహాల్ కంటే 70% ఆల్కహాల్ బాగా పనిచేసేది అందుకే. స్పోర్ దగ్గరికి వచ్చేసరికి ఈ లెక్క తప్పుతుంది. బయట గట్టి ప్రొటీన్ కోటు. దాని కింద మందపాటి గోడ. మధ్యలో దాదాపు ఎండిపోయిన గర్భం. అక్కడ నీటి స్థానంలో కాల్షియం, డైపికొలినిక్ ఆమ్లం నిండి ప్రొటీన్లని కదలకుండా పట్టి ఉంచుతాయి. ఆల్కహాల్ లోపలికి వెళ్లలేదు, వెళ్లినా పాడుచేయడానికి మెత్తబడిన ప్రొటీన్ దొరకదు. ఇరవై సెకన్లు కాదు, ల్యాబ్‌లో మేం గంటసేపు నానబెట్టినా అది చావదు.

ఈ సంగతి శానిటైజర్ ఫార్ములా రాసినవాళ్లకి బాగా తెలుసు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన ఫార్ములాలో 80% ఇథనాల్, కొంచెం గ్లిజరాల్‌తో పాటు 0.125% హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా ఉంటుంది. కరోనా రోజుల్లో చాలాచోట్ల ఇదే ఫార్ములాతో సొంతంగా తయారుచేసుకున్నారు కదా, అప్పుడు ఆ పెరాక్సైడ్ ఎందుకో ఎంతమంది ఆలోచించారో! చేతుల మీది క్రిముల కోసం కాదు అది. డబ్బాలోనో, నీళ్లలోనో స్పోర్లు ఉంటే ఆల్కహాల్ వాటిని చంపలేదు కాబట్టి, ఆల్కహాల్‌నే శుభ్రంగా ఉంచడానికి దాన్ని కలుపుతారు. సీసాలో రోజుల తరబడి నిలవ ఉన్నప్పుడు ఆ కొద్ది మోతాదు పనిచేస్తుంది. చేతిమీద అర నిమిషంలో ఆవిరైపోయేదానికి ఆ బలం లేదు.

చేతుల మీద పరీక్షించి చూసినవాళ్లు కూడా ఉన్నారు. వాలంటీర్ల అరచేతులకి విషం లేని రకం స్పోర్లు పూసి, ఆల్కహాల్ రుద్దించి, ఆ తర్వాత ఇంకొకరితో కరచాలనం చేయించారు. 2010లో వచ్చిన ఆ పరిశోధనలో, చేతిమీద మిగిలిన స్పోర్లలో దాదాపు 30% ఒక్క కరచాలనంతో అవతలి చేతికి చేరాయి. సబ్బు, నీళ్లతో కడిగిన చేతుల మీద స్పోర్లు బాగా తగ్గాయి.

ఇక్కడ ఒక పొరపాటు జరుగుతుంటుంది. సబ్బు స్పోర్‌ని చంపుతుందని చాలామంది అనుకుంటారు. చంపదు. సబ్బు చేసేది ఊడదీయడం, నీళ్లు చేసేది మోసుకుపోవడం. అందుకే సబ్బు ఏ బ్రాండు అన్నది ముఖ్యం కాదు. ధారగా పారే నీళ్లు, గట్టిగా రుద్దడం, వేళ్ల సందులు, గోళ్ల కింద, బొటనవేలు, ఇవి ముఖ్యం. పళ్లెంలో నిలవ నీళ్లలో చేయి ముంచి తీయడం వల్ల ప్రయోజనం లేదు. ఖరీదైన క్లోర్‌హెక్సిడిన్ ద్రావణం తెప్పించినా ఇదే కథ, అదీ స్పోర్‌ని చంపదు.

అంతకంటే మంచిది చేతికి స్పోర్ అంటకుండా చూసుకోవడం. గ్లౌజులు. 1990లో వచ్చిన ఒక అమెరికన్ పరిశోధనలో మామూలు వినైల్ గ్లౌజులు గట్టిగా వాడించిన వార్డుల్లో ఈ జబ్బు ప్రతి వెయ్యి డిశ్చార్జీలకు 7.7 నుంచి 1.5కి తగ్గింది. వాడని వార్డుల్లో అంత తగ్గుదల లేదు. గ్లౌజులు తీసేటప్పుడు చేతికి కొంత అంటుతుంది, కాబట్టి తీశాక కడుక్కోవాలి. అదే గ్లౌజుల్తో ఫైలు రాసి, ఫోన్ ఎత్తి, పక్క పేషెంటు సెలైన్ సరిచేస్తే గ్లౌజులు లేనట్టే.

ఇప్పుడు మా పెద్దమ్మ పడుకున్న వార్డు ఎలా ఉందో చెబుతాను. పన్నెండు మంచాలు, పన్నెండు శానిటైజర్ సీసాలు. ఒక్క సింకు. దానికి రెండు కొళాయిలు, ఏది తిప్పినా నీళ్లు సరిగా రావు. సబ్బు లేదు. ఆ సింకులోనే అటెండెంట్లు టిఫిన్ బాక్సులు కడుగుతున్నారు. పక్కనే బాత్రూమ్‌లో బెడ్ పాన్ పారబోస్తున్నారు. ఫ్లోరు ఫినాయిల్‌తో తుడుస్తున్నారు. వాసనకి అంతా శుభ్రంగా ఉన్నట్టే అనిపిస్తుంది, కానీ ఫినాయిల్ కూడా స్పోర్‌ని ముట్టుకోలేదు.

నన్ను అన్నిటికంటే బాధపెట్టింది మా వదిన చేతులు. మా పెద్దమ్మని రోజుకు పదిసార్లు శుభ్రం చేసింది నర్సు కాదు, మా వదిన. మన ఆసుపత్రుల్లో ఆ పని ఇంటివాళ్లే చేస్తారని మీకూ తెలుసు. ఆవిడకి ఎవరూ గ్లౌజులు ఇవ్వలేదు. గోడమీద పోస్టరు చూసి, శ్రద్ధగా శానిటైజర్ రాసుకుని, అదే చేత్తో పెరుగన్నం కలిపి పెద్దమ్మకి పెట్టింది, తనూ తింది. పక్క మంచం ముసలమ్మకి ఎవరూ లేరని ఆవిడకీ రెండు ముద్దలు తినిపించింది. మీ హ్యాండ్ హైజీన్ ఆడిట్‌లో మా వదిన చేతులు ఎక్కడా లేవు. మీరు లెక్కపెట్టేది డాక్టర్లనీ నర్సుల్నీ. పేషెంటు మలాన్ని ముట్టుకునే చేతులు ఎక్కువగా ఆ లెక్కకి బయటే ఉన్నాయి. ఇంగ్లండు, అమెరికాల నుంచి దించుకున్న చెక్‌లిస్టులో ఈ గడి ఉండదు, ఎందుకంటే అక్కడ ఆ పని నర్సులు చేస్తారు.

ఇంగ్లండు మాట వచ్చింది కాబట్టి అక్కడ జరిగింది కూడా చెప్పాలి. 2004 నుంచి 2006 మధ్య కెంట్‌లోని మెయిడ్‌స్టన్, టన్‌బ్రిడ్జ్ వెల్స్ ఆసుపత్రుల్లో ఈ జబ్బు విరుచుకుపడింది. వెయ్యిమందికి పైగా పేషెంట్లకు సోకింది. సుమారు 90 మంది చనిపోవడానికి కచ్చితంగానో, చాలావరకో ఇదే కారణమని 2007లో విచారణ నివేదిక తేల్చింది. మంచాలు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి, నర్సులు చాలరు, పేషెంట్లని విడిగా పెట్టడం ఆలస్యమైంది. ఆ దేశమంతా ఉలిక్కిపడి దిద్దుబాటు మొదలుపెట్టింది. కొన్నేళ్లలో కేసులు బాగా తగ్గాయి.

అయితే ఎందుకు తగ్గాయి? ఇది నా వాదనకి కొంచెం అడ్డొచ్చే సంగతే, అయినా దాచను. ఆక్స్‌ఫర్డ్ ప్రాంతంలో పేషెంట్ల నుంచి తీసిన క్రిముల జన్యుక్రమం మొత్తం చదివి 2013లో ప్రచురించిన పరిశోధనలో, 45% కేసుల్లోని క్రిమికి అంతకుముందు వచ్చిన ఏ కేసుతోనూ దగ్గరి సంబంధం కనిపించలేదు. అంటే సుమారు సగం మందికి అది పక్క మంచం పేషెంటు నుంచి రాలేదు. జబ్బు లేకుండా మోసేవాళ్ల నుంచో, ఆసుపత్రి బయటినుంచో వచ్చింది. 2017లో వచ్చిన ఇంకో అధ్యయనం, ఇంగ్లండులో తగ్గుదలకి ముఖ్య కారణం సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి ఫ్లోరోక్వినలోన్ మందుల వాడకం తగ్గించడమే అని చూపించింది. తగ్గినవి ఆ మందులకి లొంగని రకాలే. చేతులు కడగడం వల్లే తగ్గితే అన్ని రకాలూ సమానంగా తగ్గాలి కదా.

కాబట్టి కొళాయి బాగుచేస్తే సరిపోతుందని నేను అనను. మా పెద్దమ్మ కేసులో మొదటి తప్పు చేతులది కాదు. జ్వరం తగ్గిపోయాక కూడా ఇంకో ఐదు రోజులు రాసిన సెఫిక్సిమ్ అవసరమా? అవసరం లేని పాంటాప్రజోల్ ఎందుకు? మూత్రం ఇన్ఫెక్షన్‌కి ఏడు రోజుల మందు అయిపోయింది. ఆ చీటీ రాసిన డాక్టరుకి ఈ విరేచనాల సంగతి ఈరోజుకీ తెలిసి ఉండదు. తెలియజేసే ఏర్పాటు మీ దగ్గర లేదు. డిఫిసిల్ టాక్సిన్ పాజిటివ్ వచ్చిన ప్రతి పేషెంటుకీ గత రెండు మూడు నెలల్లో ఎవరు ఏ యాంటీబయాటిక్ ఎందుకు రాశారో వెనక్కి వెళ్లి చూసి, రాసినవాళ్లకి ఒక ఫోన్ చేయండి. తప్పు పట్టడానికి కాదు, తెలియడానికి. ఆ ఫోన్ చేసే బాధ్యత మాలాంటి మైక్రోబయాలజిస్టులకి అప్పజెప్పినా సంతోషంగా చేస్తాం.

శానిటైజర్ సీసాలు తీసేయమని కూడా అనడం లేదు. క్లెబ్సియెల్లా, ఎంఆర్ఎస్ఏ లాంటి మొండి క్రిములు మన ఐసీయూల్లో ఎక్కువ. వాటికి ఆల్కహాల్ సబ్బు కంటే మెరుగ్గా, త్వరగా పనిచేస్తుంది. శానిటైజర్ ప్రవేశపెట్టిన ఆసుపత్రుల్లో దానివల్ల డిఫిసిల్ కేసులు పెరిగినట్టు కూడా తేలలేదు. నేను అడిగేది ఒక్క మంచం గురించి. ఈ జబ్బు ఉన్న, లేదా ఉందని గట్టి అనుమానం ఉన్న పేషెంటు మంచం. ఆ మంచం దగ్గర గ్లౌజులు, ఆ తర్వాత సబ్బు, పారే నీళ్లు. స్పోర్లు కట్టే క్రిమి ఉందని తెలిసినప్పుడు, గట్టిగా అనుమానించినప్పుడు సబ్బు, నీళ్లే వాడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 మార్గదర్శకాల్లోనే ఉంది. మీ ప్రొటోకాల్ ఫైల్లో కూడా ఎక్కడో ఉండే ఉంటుంది. ఫైల్లో ఉన్నది సింకు దగ్గరికి రావాలి.

మంచం విషయానికొస్తే, ముందు మురికి తుడిచి ఆ తర్వాతే హైపోక్లోరైట్ వాడాలి. మలం మిగిలి ఉంటే క్లోరిన్ దానిమీదే ఖర్చయిపోతుంది. 5% ద్రావణం ఒక పాలు, నీళ్లు తొమ్మిది పాళ్లు. తుడిచాక పది నిమిషాలు తడిగానే ఉండాలి. మన ఎండల్లో, ఫ్యాన్ కింద మూడు నిమిషాలకే ఆరిపోతుంది, కాబట్టి మళ్లీ తడపాలి. నిన్న కలిపిన బకెట్ ఈరోజు వాడకూడదు. మూతలేని డబ్బాలో నెలల తరబడి ఉన్న బ్లీచింగ్ పౌడర్‌లో క్లోరిన్ ఎంత మిగిలిందో ఎవరికీ తెలియదు. బీపీ పట్టీ, థర్మామీటరు, కమోడ్ కుర్చీ ఆ పేషెంటుకి విడిగా ఉంచండి. విడి గది ఇవ్వలేకపోయినా కనీసం విడి టాయిలెట్ ఇవ్వండి. ఆయాలకి, వార్డు బాయ్‌లకి 'ఇది గింజలు రాల్చే జబ్బు' అని తెలుగులో చెబితే ఒక్కసారిలో అర్థమవుతుంది. నేను చెప్పి చూశాను. ఒక ఆయమ్మ, 'అయితే పల్లేరు కాయల్లాగా అన్నమాట, కాలికి అంటుకుని ఊరంతా తిరుగుతాయి' అంది. పాతికేళ్లుగా క్లాసులు చెబుతున్నా నాకు తట్టని పోలిక అది.

మా పెద్దమ్మ సంగతి ముగిస్తాను. ఆఫ్లాక్సాసిన్, లోపరమైడ్ ఆపారు. వాంకోమైసిన్ రాశారు, కానీ అలవాటుగా నరానికి ఎక్కించబోయారు. నరానికి ఇచ్చిన వాంకోమైసిన్ పేగులోకి చేరదు, ఈ జబ్బుకి అది నోటితో తాగాలి. ఇంజెక్షన్ సీసానే వాడుకోవచ్చు. 500 మిల్లీగ్రాముల సీసాలో 10 మిల్లీలీటర్ల నీళ్లు కలిపితే, 2.5 మిల్లీలీటర్లు ఒక మోతాదు, అంటే 125 మిల్లీగ్రాములు. రోజుకు నాలుగుసార్లు, పది రోజులు. చేదుగా ఉంటుంది, కొంచెం పళ్లరసంలో కలిపి ఇచ్చారు. నాలుగో రోజుకి పొట్ట మెత్తబడింది. ఎనిమిదో రోజుకి మలం గట్టిపడింది. ఇంటికెళ్లిన మూడు వారాలకి మళ్లీ మొదలైంది. అదీ ఈ జబ్బు లక్షణమే, మందు మొలకెత్తిన క్రిముల్ని అణచగలదు గానీ నిద్రపోతున్న గింజల్ని ఏమీ చేయలేదు. నయమైనవాళ్లలో సుమారు ఐదుగురిలో ఒకరికి తిరగబెడుతుంది. ఈసారి వాంకోమైసిన్‌ని కొన్ని వారాలపాటు మెల్లగా తగ్గిస్తూ ఇచ్చారు. ఇప్పుడు బాగానే ఉంది, కానీ ఏ చిన్న జ్వరానికైనా మందుల షాపులో యాంటీబయాటిక్ కొనవద్దని మా అన్నయ్యకి గట్టిగా చెప్పాను. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడల్లా చూపించమని, ఈ జబ్బు వచ్చిందని రాసిన చీటీ ఒకటి ఆవిడ పర్సులో పెట్టాం.

పక్క మంచం ముసలమ్మకి ఏమైందో నాకు తెలియదు. డిశ్చార్జి అయి వెళ్లిపోయిందన్నారు. ఆవిడ ఊరు, ఫోన్ నంబరు మీ రికార్డుల్లో ఉంటాయి. దయచేసి ఎవరైనా ఒకసారి ఫోన్ చేసి, విరేచనాలు ఏమైనా అవుతున్నాయా అని అడగండి. ఆ రెండు కొళాయిలు కూడా ఎప్పుడు బాగుచేయిస్తారో చెప్పండి.

ఇట్లు,
మీలాగే ఆసుపత్రి జీతం మీద బతికే ఒక మైక్రోబయాలజిస్టు